బస్సులు ముందు, డ్రైవర్లు తర్వాత: ఇద్దరు మానేసిన అంగట్లో డ్యూటీ చార్ట్

ప్రశ్న: "కడపలో కోటిరెడ్డి సర్కిల్ దగ్గర చిన్న సూపర్‌మార్కెట్ పెట్టి ఐదు నెలలైంది. ఆరుగురు పనివాళ్లలో ఇద్దరు ఒకేరోజు మానేశారు. మిగతా నలుగురినీ పొద్దున్నుంచి రాత్రి దాకా ఉండమంటున్నాను, వాళ్ల ముఖాలు మాడిపోతున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. డ్యూటీ చార్ట్ అసలు ఎలా వేయాలి? వెంటనే ఇంకో ఇద్దర్ని పెట్టుకోవాలా?"

జవాబు:

వెంటనే ఇద్దర్ని పెట్టుకోకండి. మీకు నిజంగా ఇద్దరు కావాలో, ఒకరు చాలో, సాయంత్రం పూట నాలుగు గంటలు వచ్చేవాళ్లు కావాలో ఇప్పుడు మీకు తెలియదు. అది తెలియాలంటే మనుషుల లెక్క పక్కనపెట్టి గంటల లెక్క తీయాలి. ఈ మాట నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు. నేను ఎలా నేర్చుకున్నానో వివరంగా రాస్తాను, అందులో మీకు పనికొచ్చేది తీసుకోండి.

మాది అనంతపురంలో సాయినగర్ వైపు కిరాణా సూపర్‌మార్కెట్. పొద్దున 8 నుంచి రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది, ఆదివారం మాత్రం మధ్యాహ్నం 1 గంటకు మూసేస్తాం. పెట్టిన ఆరో నెలలో గల్లా దగ్గర బిల్లులు కొట్టే ఇద్దరూ ఒకే రాత్రి తాళంచెవులు నా చేతిలో పెట్టి, "రేపట్నుంచి రాలేమన్నా" అన్నారు. ఇద్దరిదీ రాప్తాడు వైపు ఒకే ఊరు. ఒకే బండి మీద వచ్చేవాళ్లు. ఒకరికి వేరే చోట పని దొరికింది, రెండోవాడికి రాత్రి ఇంటికి చేరే దారి పోయింది. నేను ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నాననుకున్నాను గానీ, ఆ ఇద్దరూ ఒకే బండికి కట్టిన రెండు చక్రాలు. అప్పటినుంచి ఎవరిని పెట్టుకున్నా ఎలా వస్తారు, ఎవరితో వస్తారు అని ముందే అడుగుతాను. కలిసి వచ్చే ఇద్దరికి ఒకే పని అప్పజెప్పను.

మిగిలినవాళ్లు నలుగురు. తూకం దగ్గర ఉండే పెద్దాయన, పప్పులు ప్యాక్ చేసే అక్క, సరుకు దింపుకుని డెలివరీలకు కూడా తిరిగే తమ్ముడు, మధ్యాహ్నం కాలేజీ అయ్యాక వచ్చే డిగ్రీ అబ్బాయి. నేను చేసిన మొదటి పని, మీరు ఇప్పుడు చేస్తున్నదే. "రెండు వారాలు ఓపిక పట్టండి" అని అందరినీ పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా ఉండమన్నాను, వారం సెలవు కూడా ఆపేశాను. గల్లా దగ్గర నేనే కూర్చున్నాను.

గల్లా దగ్గర కూర్చోవడం వల్ల జరిగే నష్టం వెంటనే కనబడదు. మా అంగడికి కంపెనీ సరుకులకు ఆర్డర్లు తీసుకునే ఏజెన్సీ లైన్‌మన్లు పొద్దున 11 నుంచి 1 మధ్య వస్తారు, ఒక్కో కంపెనీకి వారంలో ఒక్కో రోజు. ఆ టైంలో నేను బిల్లులు కొడుతూ ఉంటే ఆర్డరు ఎవరు రాస్తారు? "తర్వాత ఫోన్ చేస్తాను" అని పంపించేశాను, చేయలేదు. ఆరో రోజుకు చక్కెర, రెండు రకాల నూనె ప్యాకెట్లు, బట్టల సబ్బులు అయిపోయాయి. గల్లా లెక్క మూడు రాత్రులు కుదరలేదు. ఎనిమిదో రోజు సాయంత్రం అక్క దగ్గరకొచ్చి, "అన్నా, పాప స్కూల్ ఆటో దిగి పక్కింటోళ్ల అరుగు మీద కూర్చుంటాంది రోజూ. నేను కూడా మానేస్తా" అంది. ఆమె కూడా పోయుంటే అంగడి మూసుకోవాల్సిందే.

ఆ రోజు రాత్రి సరుకుకు వచ్చిన ఒక పెద్దమనిషి నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. ఆయన ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యాడు, డిపోలో సిబ్బందికి డ్యూటీలు వేసిన మనిషి. నేను నలుగురి పేర్లు రాసి పక్కన టైములు రాస్తున్న కాగితం చూశాడు. నూనె ప్యాకెట్ల అట్టపెట్టె ఒకటి చింపి, దాని వెనకవైపు గీతలు గీస్తూ ఇలా అన్నాడు: "డిపోలో మేం డ్రైవర్ల పేర్లు ముందు రాయం నాయనా. ఏ టైంకి ఏ బస్సు పోవాలో అది ముందు రాస్తాం. బస్సులన్నీ రాసినాక వాటికి మనుషుల్ని ఎక్కిస్తాం. నువ్వు బస్సులు రాయకుండా డ్రైవర్లను డిపోలో కూర్చోబెట్టుకున్నావు."

ఆ అట్టముక్క మీద వేసిన లెక్క మీకు చెబుతాను.

మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో గంటవారీ అమ్మకాల రిపోర్ట్ ఉంటే అది తీయండి. లేకపోతే బిల్లుల కాపీల మీద టైం ఉంటుంది, వాటిని గంటల వారీగా విడదీసి లెక్కపెట్టండి. రెండు వారాలవి చూడాలి. ఒకటి నెల మొదటి వారం, జీతాలు పడ్డాక. రెండోది 20వ తేదీ తర్వాతది. ఒక్క వారమే చూస్తే మోసపోతారు, ఎందుకంటే నెల మొదట్లో ఇంటి సరుకుల పెద్ద బిల్లులు, నెలాఖర్లో పాలు, పెరుగు, బ్రెడ్ బిల్లులు. నాకు వచ్చిన అంకెలు ఇవి. పొద్దున 8 నుంచి 10 దాకా గంటకు 15 బిల్లులు. 10 నుంచి 1 దాకా 20. ఆ తర్వాత తగ్గిపోయి, 2 నుంచి 4 మధ్య గంటకు ఆరంటే ఆరు. 5 దాటాక 25, 6 నుంచి 9 దాకా దాదాపు 40.

తర్వాత, ఒక మనిషి గంటకు ఎన్ని బిల్లులు కొట్టగలడో వాచీ పెట్టుకుని చూడండి. మా అంగట్లో ఏడెనిమిది వస్తువుల బిల్లుకు డబ్బులు తీసుకోవడం, సంచిలో వేయడం కలిపి మూడు నిమిషాలు పడుతుంది. అంటే గంటకు 20 హాయిగా, 25 కష్టపడితే. కాబట్టి పొద్దున ఒక గల్లా సరిపోతుంది, సాయంత్రం 5 నుంచి 9 దాకా రెండు గల్లాలు కచ్చితంగా నడవాలి.

దాని ప్రకారం బస్సులు రాశాం. 8 నుంచి 10 దాకా ఇద్దరు చాలు, ఒకరు గల్లా, ఒకరు లోపల. 10 నుంచి 1 దాకా ముగ్గురు, ఏజెన్సీ సరుకు వచ్చే టైం కాబట్టి. 1 నుంచి 5 దాకా ఇద్దరు. 5 నుంచి 9 దాకా నలుగురు, రెండు గల్లాలు, ఒక తూకం, సరుకు చూపించి సంచిలో వేయడానికి ఒకరు. కూడితే రోజుకు 37 పనిగంటలు. ఆరు రోజులకు 222. ఆదివారం పొద్దున పూటకు 13. వారానికి మొత్తం 235.

ఇప్పుడు మనుషుల వైపు చూడండి. ఒక మనిషి వారానికి ఇవ్వగలిగింది 48 గంటలు. ఇది నా లెక్క కాదు, 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం పెట్టిన హద్దు. వారంలో ఒక పూర్తి రోజు సెలవు కూడా అందులోనే ఉంది. అంతకు మించి చేయించుకుంటే ఆ అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలని ఆ చట్టంలో రాశారు. మన ఊళ్లలో 9 నుంచి 9 అనేది ఆచారంగా నడుస్తోంది గానీ, ఆ ఆచారం మీద చార్ట్ వేస్తే మళ్లీ మనుషులు పోతారు. నా దగ్గర మిగిలినవాళ్లలో ముగ్గురికి 48 చొప్పున 144, డిగ్రీ అబ్బాయివి 36. మొత్తం 180. కావాల్సింది 235. తక్కువ పడింది 55 గంటలు.

ఆ అంకె చూశాక నాకు ఊపిరి ఆడింది. పోయింది ఇద్దరు, కానీ లోటు ఒక మనిషి కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఇన్నాళ్లూ నేను మధ్యాహ్నం 3 గంటలకు ఆరు బిల్లులకు ఆరుగురిని నిలబెట్టి, రాత్రి 7 గంటలకు 40 బిల్లులకూ అదే ఆరుగురిని నిలబెట్టాను. మధ్యాహ్నం గంటలు వృథాగా కాలిపోయేవి. ఆ వృథా అయిన గంటలే పనివాళ్ల రోజును 12 గంటలకు సాగదీశాయి.

కొత్తవాళ్లు దొరికేదాకా ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడ మనుషుల్ని సాగదీయకండి, అంగడి గంటల్ని కోయండి. అది కూడా పల్చగా ఉన్న చోట కోయాలి. నేను రెండు వారాలు మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా షట్టర్ దించాను. బోర్డు రాసి పెట్టాను. పోయింది రోజుకు పన్నెండు చిన్న బిల్లులు, వాటిలో చాలామంది సాయంత్రం వచ్చారు. మిగిలింది రోజుకు 4 పనిగంటలు, ఆరు రోజులకు 24. లోటు 55 నుంచి 31కి దిగింది. అంటే రోజుకు ఐదు గంటలు, దాన్ని నేనూ మా ఆవిడా పంచుకున్నాం. పొద్దున ఆలస్యంగా తెరుద్దామని మొదట అనుకున్నాను. ఆర్టీసీ పెద్దమనిషి వద్దన్నాడు. పొద్దున పాల ప్యాకెట్‌కు వచ్చినవాడు పక్క అంగడికి ఒకసారి అలవాటు పడితే నెల సరుకులకు కూడా అక్కడికే పోతాడు. ఆయన మాట నిజం.

ఆ రాత్రే వారం సెలవులు తిరిగి ఇచ్చేశాను. అక్కను 5 గంటలకు పంపించేస్తానని మాటిచ్చాను. ఈ రెండూ చేయకుండా చార్ట్ గోడకు అంటిస్తే ఎవరూ నమ్మరు.

తర్వాత నలుగురినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి మాట్లాడాను. ఇక్కడ ఒక చిన్న విషయం మీకు చాలా ఉపయోగపడుతుంది. "నీకు ఏ టైం వీలవుతుంది?" అని అడగకండి. మన దగ్గర పనిచేసేవాళ్లు, "మీరెప్పుడు రమ్మంటే అప్పుడొస్తాం సార్" అంటారు. అది మర్యాద, వివరం కాదు. "ఏ టైంలో అస్సలు కుదరదు?" అని అడగండి. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది. అక్కకు సాయంత్రం 5 తర్వాత కుదరదు, పొద్దున పాపను పంపాక 9కి రాగలదు. సరుకు దింపే తమ్ముడు శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోవాలి, రంజాన్ నెలలో ఉపవాసం విడిచే టైంకి ఇంట్లో ఉండాలి. మామూలు నెలల్లో అది సరిగ్గా మా సాయంత్రం రద్దీ టైం, ఆ సంగతి నేను అంతకు ముందు ఆలోచించనే లేదు. పెద్దాయన ఇల్లు రెండు సందుల అవతలే, మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాల్చకపోతే సాయంత్రం నిలబడలేడు. డిగ్రీ అబ్బాయికి సెమిస్టర్ పరీక్షలు ఉంటాయి. ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఇంకో పేజీలో పనులు రాశాను. బిల్లింగ్, తూకం, సరుకు దింపుకోవడం (అంటే ఏజెన్సీ బిల్లుతో సరిచూసి, ఎక్స్‌పైరీ తేదీలు చూడటం), రాత్రి గల్లా లెక్క. ఎవరికి ఏది వచ్చో టిక్కులు పెట్టాను. బిల్లింగ్ కింద నేను తప్ప ఒక్క టిక్కు లేదు. నా సంక్షోభం అక్కడుంది. నలుగురు ఉన్నారు, కానీ గల్లా దగ్గర కూర్చోగలిగినవాడు ఒక్కడూ లేడు. ఒక పని కింద ఒకే టిక్కు ఉంటే ఆ మనిషి సెలవు పెట్టిన రోజు మీ చార్ట్ చిరిగిపోయినట్టే. మీరు కూడా ఈ పట్టిక వేసుకుని, ప్రతి పనికి కనీసం రెండు టిక్కులు ఉన్నాయో లేదో చూడండి. మానేసిన ఇద్దరి చేతిలో ఏ పని ఉండేదో చూస్తే మీ లోటు ఎక్కడుందో తెలుస్తుంది.

డిగ్రీ అబ్బాయికి, అక్కకు బిల్లింగ్ నేర్పాను. అక్క, "నాకు కంప్యూటర్ రాదన్నా" అంది. పదో తరగతి చదివింది, ఫోన్‌లో అన్నీ చక్కగా చేస్తుంది. నేర్పే టైం ముఖ్యం. రద్దీలో పక్కన నిలబెట్టి నేర్పితే చేతులు వణుకుతాయి, వెనక క్యూ కనబడుతుంటుంది. షట్టర్ దించిన ఆ మధ్యాహ్నాల్లో రోజుకు అరగంట ఖాళీ అంగట్లోనే పాత బిల్లులు ముందు పెట్టుకుని కొట్టించాను, మళ్లీ రద్దు చేశాను. మొదటి రోజు బార్‌కోడ్ ఉన్న వస్తువులు మాత్రమే. రెండు, మూడు రోజులు విడి సరుకుల కోడ్‌లు, కందిపప్పు, శనగపప్పు, వేరుశనగ గింజలు, ఇవే ఎక్కువ తప్పులు పోయేవి. నాలుగో రోజు ఫోన్‌లో కట్టిన డబ్బులు పడ్డాయో లేదో చూసుకోవడం, చిల్లర. బిల్లు రద్దు చేయడం మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. ఐదో రోజు అబ్బాయిని సాయంత్రం రెండో గల్లాలో కూర్చోబెట్టి, పది వస్తువుల లోపు బిల్లులే ఇచ్చాను. వారం తిరిగేసరికి ఇద్దరూ నా అవసరం లేకుండా కొట్టగలిగారు. అక్క ఇప్పటికీ మా అంగట్లో అందరికంటే తక్కువ తప్పులు చేస్తుంది.

అంతా అయ్యాక గానీ కొత్తవాళ్ల కోసం వెతకలేదు. అప్పటికి నాకు ఏం కావాలో స్పష్టంగా తెలుసు. లోటంతా సాయంత్రం 5 నుంచి 9 మధ్యే ఉంది. రోజంతా ఉండే ఇద్దరు అక్కర్లేదు. సాయంత్రం నాలుగు గంటలు వచ్చే ఇద్దరు కావాలి, నడిచి వచ్చేంత దగ్గర్లో ఉండాలి. అలాంటి పనికి మనుషులు తొందరగా దొరికారు. వెనక సందులో ఉండే ఒక గృహిణి, ఐటీఐ చదివే ఒక అబ్బాయి. పోయిన ఇద్దరి జీతాల్లో సగం కంటే కొంచెం ఎక్కువకే ఈ ఇద్దరూ వచ్చారు. మిగిలిన డబ్బుతో, పాతవాళ్లకు గంటలు తగ్గినా జీతం తగ్గించకుండా నిలబెట్టగలిగాను. జీతం కోసి గంటలు తగ్గిస్తే వాళ్లకు అది సౌకర్యం కాదు, నష్టం. ఆ పొరపాటు చేయకండి.

చివరకు గోడ మీదకెక్కిన చార్ట్ ఇది:

సరుకు తమ్ముడు: 8 నుంచి 5, భోజనానికి గంట
అక్క: 9 నుంచి 5, భోజనానికి గంట
పెద్దాయన: 9 నుంచి 1, మళ్లీ 5 నుంచి 9
డిగ్రీ అబ్బాయి: 3 నుంచి 9
సాయంత్రం ఇద్దరు: 5 నుంచి 9

కూడితే రోజుకు 37 గంటలే. కానీ అవి మనకు కావాల్సిన చోట సరిగ్గా పడవు. పొద్దున 8 నుంచి 9 దాకా తమ్ముడు ఒక్కడే, 1 నుంచి 3 దాకా ఇద్దరూ వంతులవారీగా భోజనానికి పోతారు. ఆ మూడు గంటలు నేను నిలబడాలి. 9 నుంచి 10 దాకా, 3 నుంచి 5 దాకా ఒకరు ఎక్కువ ఉంటారు. లోటు 55లో కొత్తవాళ్లిద్దరి 48 పోగా కాగితం మీద వారానికి 7 గంటలు తక్కువ అనుకున్నది చార్ట్‌లో పెట్టేసరికి నాకు 18 గంటలు పడింది. ఇది ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, మనుషుల జీవితాలు గళ్లలో సరిగ్గా ఇమడవు. కాబట్టి మీ పేరు మొదటే గళ్లలో నింపేయకండి. యజమాని గంటలు చివర్లో, ఖాళీలు పూడ్చడానికి వాడండి. 10 నుంచి 1 దాకా నేను చార్ట్‌లో ఎక్కడా లేను, ఎందుకంటే అది ఆర్డర్లు రాసే టైం.

పెద్దాయనలా రోజును రెండు ముక్కలు చేసే డ్యూటీ గురించి ఒక మాట. ఇల్లు దగ్గర ఉన్నవాళ్లకే అది సుఖం. బుక్కరాయసముద్రం నుంచి వచ్చేవాడికి మధ్యలో నాలుగు గంటలు ఇస్తే వాడు ఎక్కడికి పోతాడు? అంగడి మెట్ల మీదే కూర్చుంటాడు, అది 12 గంటల డ్యూటీ కిందే లెక్క. ఇంకోటి, మధ్యలో విశ్రాంతితో కలిపినా మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా 12 గంటలు దాటకూడదని ఆ 1988 చట్టంలో రాశారు. అందుకే పెద్దాయనను 8కి రమ్మనకుండా 9కి పెట్టాం.

శుక్రవారం మాత్రం భోజనాల వరుస మారుతుంది. మామూలు రోజుల్లో అక్క 1 గంటకు, తమ్ముడు 2 గంటలకు తింటారు. శుక్రవారం తమ్ముడే ముందు పోతాడు, నమాజు అయ్యాక వస్తాడు. ఆదివారం పూట వంతులవారీగా ఇద్దరు వస్తారు, బదులుగా వాళ్లలో ఒకరికి మంగళవారం, ఒకరికి బుధవారం పూర్తి సెలవు. మా బిల్లుల లెక్కలో ఆ రెండు రోజులూ పల్చన. ఎవరి ఆదివారం ఎప్పుడో రెండు నెలలకు ముందే రాసి అంటించాను. పెళ్లిళ్ల సీజన్‌లో గొడవలన్నీ ఆదివారం దగ్గరే వస్తాయి.

చార్ట్ గురువారం రాత్రి గోడకెక్కాలి, సోమవారం నుంచి అమలు. ఫొటో వాట్సాప్‌లో అందరికీ వెళ్లాలి. ఆ తర్వాత నేను కూడా దాన్ని మార్చను. రెండో వారంలోనే నేను ఈ మాట తప్పాను. శనివారం రాత్రి ఫోన్ చేసి, డిగ్రీ అబ్బాయి సెలవును మంగళవారం నుంచి బుధవారానికి మార్చాను. వాడు మంగళవారం అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాలని అపాయింట్‌మెంట్ తీసుకున్నాడట. నాకు చెప్పలేదు, పనికొచ్చాడు, వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత వెళ్లి క్షమాపణ చెప్పాను. ఇప్పుడు నియమం ఏమిటంటే, ఇద్దరు పనివాళ్లు తమలో తాము మార్చుకోవచ్చు, చార్ట్ మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒకే మనిషి పదే పదే మార్చుకుంటుంటే మనిషిది తప్పనుకోకండి, వాడికి వేసిన డ్యూటీ వాడి జీవితానికి కుదరలేదని అర్థం.

చార్ట్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి నేను ఒకటే చూస్తాను. రాత్రి నిజంగా ఎన్ని గంటలకు బయటపడుతున్నారో నోట్‌బుక్‌లో రాయమన్నాను. చార్ట్‌లో 9 అని ఉంది, నోట్‌బుక్‌లో వరుసగా 9.35, 9.40. గల్లా లెక్క, ఊడ్చడం, బయట పెట్టిన సరుకు లోపలికి తేవడం, ఇవేవీ నా చార్ట్‌లో లేవు. రోజుకు అరగంటకు పైగా ఊరికే తీసుకుంటున్నాను. దసరా ముందు, మానేసినవాళ్లలో రెండోవాడు సరుకులకు వచ్చాడు. మాటల్లో, "తొమ్మిదికి వదిలుంటే నాకు బస్సు దొరికేది అన్నా, బండి లేకపోయినా వచ్చుందును" అన్నాడు. అంటే నేను వాడిని పోగొట్టుకున్నది ఆ నలభై నిమిషాల దగ్గర. ఆ మర్నాటి నుంచి 8.30కి ఒక గల్లా మూసి దాని లెక్క చూసేస్తాం, రెండోది 9 దాకా నడుస్తుంది. బయటి సరుకు 8.45కే లోపలికి వస్తుంది. ఇప్పుడు 9.05కి షట్టర్ పడుతుంది.

మీది కడప కాబట్టి రంజాన్ నెలకు వేరే చార్ట్ వేసుకోండి. పండగ నెలలో బిల్లుల టైములే మారిపోతాయి. మా దగ్గర సాయంత్రం రద్దీ 4 గంటలకే మొదలై, ఉపవాసం విడిచే టైంకి అంగడి ఖాళీ అయి, మళ్లీ 8 తర్వాత పుంజుకుంటుంది. మామూలు చార్ట్‌నే అటూ ఇటూ సర్దితే కుదరదు, మళ్లీ మొదటినుంచి బస్సులు రాయాలి. పోయిన ఏడాది గంటవారీ రిపోర్ట్ దాచుకుని ఉంటే అది అరగంట పని. మీకు ఈసారి పాత రిపోర్ట్ ఉండదు కాబట్టి మొదటి మూడు రోజులు బిల్లులు గమనించి, నాలుగో రోజు మార్చండి.

డిపోలో ప్రతి పూటా ఏ బస్సూ వేయకుండా కొందరిని "స్పేర్" అని ఉంచుతారట, ఎవరైనా రాకపోతే వాళ్లు ఎక్కుతారు. మన చిన్న అంగళ్లకు జీతమిచ్చి స్పేర్ మనిషిని కూర్చోబెట్టే స్తోమత ఉండదు. నేను చేసిందేమిటంటే, చార్ట్‌లో ప్రతి రోజు కింద ఒక గడి ఉంచి అందులో ఆ రోజు డ్యూటీ లేనివాళ్లలో, లేదా సాయంత్రం మాత్రమే వచ్చేవాళ్లలో ఒకరి పేరు వాళ్ల ఒప్పుకోలుతో రాస్తాను. పిలిస్తే వస్తారు, వచ్చిన గంటలకు అదనంగా డబ్బు అదే రోజు చేతిలో పెడతాను. పిలవకపోతే మామూలే.

ఆరు నెలల తర్వాత సరుకు తమ్ముడి చెల్లెలి పెళ్లి వచ్చింది, ధర్మవరంలో. ఐదు రోజులు సెలవు అడిగాడు. ఇచ్చాను. సాయంత్రం వచ్చే ఐటీఐ అబ్బాయి రెండు రోజులు పొద్దున కూడా వచ్చాడు, మిగతా మూడు రోజులు పొద్దున మా ఆవిడ వచ్చింది. ఏజెన్సీ సరుకు పెద్దాయనే బిల్లుతో సరిచూసి దింపించుకున్నాడు. ఆ ఐదు రోజుల్లో నేను గల్లా దగ్గర కూర్చున్నది చార్ట్‌లో నాకున్న మూడు గంటలే.